నిమ్మగడ్డికి మొదలు, పుదీనాకి కణుపు

శ్రావణమాసంలో రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక పెద్ద కూరగాయల దుకాణంలో నిమ్మగడ్డి ప్యాకెట్ కనిపించింది. చిన్న ప్లేటులో నాలుగు కాడలు, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం. మా ఊళ్లో, అమలాపురం దగ్గర, సంతలో పుదీనా కట్టలు ఎప్పుడూ దొరుకుతాయి గానీ నిమ్మగడ్డి కాడలు ఎవరూ తేరు. టీలో వేసుకోవడానికి రెండు వాడి, మిగతా రెండూ వేళ్లు తెప్పించి పెరట్లో పెట్టుకుందామని ప్యాకెట్ కొన్నాను. మర్నాడు మంగళవారం సంతలో రెండు పుదీనా కట్టలు తీసుకున్నాను. అలా రెండూ ఒకే వారంలో మొదలుపెట్టాను, రెండూ ఒకే నెలలో పోయాయి. ఎందుకు పోయాయో తెలుసుకోవడానికి కార్తీకం దాకా పట్టింది. ఆ తెలిసిన సంగతే రాస్తున్నాను.

ముందు నిమ్మగడ్డి. స్టీలు గ్లాసులో రెండంగుళాల నీళ్లు పోసి కాడలు నిలబెట్టాను. ఐదో రోజుకి నడిమధ్య నుంచి లేత ఆకు ఒకటి పైకి వచ్చింది. వారానికి అది బెత్తెడు అయింది. బతికేసింది, ఇక వేళ్లే తరవాయి అనుకున్నాను. రోజూ కాడ పైకెత్తి అడుగు చూడటం, మళ్లీ నీళ్లు మార్చి పెట్టడం. పదిహేనో రోజుకీ అడుగు నున్నగానే ఉంది. ఇరవయ్యో రోజుకి అడుగుభాగం గోధుమరంగు తిరిగి, వేలితో పట్టుకుంటే జారిపోతూ, కుళ్లిన వాసన కొట్టింది. పైన ఆకు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

అది పారేయడానికి పెరట్లోకి వెళ్తుంటే మా మామయ్యగారు చూసి ఇలా తెమ్మన్నారు. కాడ అడుగు తిప్పి చూసి, "అమ్మాయ్, అరటి బోదె నరికి బురదలో పాతితే చెట్టవుద్దా? బోదె అంటే ఆకు మట్టలే కదా. దుంప ఉంటేనే పిలక" అన్నారు. కత్తిపీట తెచ్చి కాడని నిలువుగా చీల్చాం. నిజంగా అరటి బోదె లాగే ఉంది లోపల. ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకుల పొరలు, అడుగు వరకూ అవే. ఎక్కడా గట్టి ముద్ద లేదు.

నిమ్మగడ్డిలో మనం కాండం అనుకునేది చాలావరకు కాండం కాదు. ఆకుల మట్టలు గట్టిగా చుట్టుకుని కాడలా కనిపిస్తాయి. అసలు కాండం అంతా అట్టడుగున, అర అంగుళం నుంచి అంగుళం దాకా ఉండే గట్టి ముద్ద మాత్రమే. కణుపులన్నీ అక్కడే ఒకదాని మీదొకటి ఇరుక్కుని ఉంటాయి. వేళ్లూ అక్కడి నుంచే, పిలకలూ అక్కడి నుంచే. ప్యాకెట్ చేసేవాళ్లు చూడ్డానికి శుభ్రంగా ఉండాలని ఆ ముద్దని కోసేస్తారు. కోసేశాక దాన్ని నెల్లాళ్లు నీళ్లలో ఉంచినా వేరు రాదు. మరి ఆకు ఎలా పెరిగిందంటే, లోపల ముందే తయారై ముడుచుకుని ఉన్న లేత ఆకు నీళ్లు తాగి సాగింది, అంతే. అది కొత్త పెరుగుదల కాదు. నన్ను ఇరవై రోజులు ఆశపెట్టింది ఆ ఆకే. అందుకని నిమ్మగడ్డి విషయంలో పైన ఏం జరుగుతోందో చూసి సంతోషపడకూడదు, అడుగు చూడాలి.

ఇక పుదీనా. దానికి ఈ చిక్కు లేదు. పుదీనాది నిజమైన కాండం, నాలుగు పలకలుగా ఉంటుంది, ప్రతి రెండు ఆకుల జత దగ్గరా ఒక కణుపు ఉంటుంది, ఏ కణుపు నుంచైనా వేరు రాగలదు. రెండు కట్టల్లోంచి పదిహేను కాడలు ఏరాను. మరీ చివరి లేత కొసలు నీళ్లలో మెత్తబడిపోతాయి. మరీ మొదట్లో ఉన్న చెక్కలాంటి భాగం వేరు తేవడానికి ఆలస్యం చేస్తుంది. మధ్యలో అగ్గిపుల్ల కంటే కొంచెం లావుగా, విరిస్తే టక్కున విరిగే భాగం బాగుంటుంది. పూత వచ్చిన కాడలు తీసుకోలేదు. ఒక్కో ముక్క జానెడుకి కాస్త తక్కువ. కింది కణుపుకి సరిగ్గా కిందగా కోసి, నీళ్లలో మునిగే రెండు కణుపుల ఆకులు తీసేసి, పైన నాలుగైదు ఆకులు ఉంచాను. మునిగిన ఆకు ఒక్కటి ఉన్నా రెండు రోజుల్లో కుళ్లి గ్లాసంతా పాడుచేస్తుంది.

నేను గాజు గ్లాసు కాకుండా స్టీలు గ్లాసు వాడటానికి కారణం ఉంది. వెలుతురు తగిలితే నీళ్లలో పచ్చటి పాచి పడుతుంది, వేళ్లకీ చీకటే హాయి. వేళ్లు చూసుకోవాలన్న సరదా ఉంటే గాజు సీసాకి కాగితం చుట్టి, చూసినప్పుడు తీసుకోవచ్చు. వంటింటి కిటికీలో ఎండ నేరుగా పడని చోట పెట్టి, రోజూ పొద్దున్నే నీళ్లు మార్చాను. నాలుగో రోజుకి కణుపుల దగ్గర ఆవగింజంత తెల్లటి బుడిపెలు వచ్చాయి. ఏడో రోజుకి పదిహేనులో పన్నెండింటికి వేళ్లు. మూడు కాడలు అడుగున నల్లబడ్డాయి, వాటిని వెంటనే తీసేశాను. ఒకటి కుళ్లితే పక్కవి కూడా అందుకుంటాయి.

వేళ్లు ఇంకా బలంగా రానిద్దామని మరో పదిరోజులు ఉంచాను. తెల్లగా, దారాల గుత్తిలా, నాలుగేసి అంగుళాలు పెరిగాయి. చూడముచ్చటగా ఉన్నాయి. ఒక సాయంత్రం పెరట్లో బావిగట్టు పక్కన మన్ను గుల్ల చేసి, పన్నెండూ వరసగా నాటి, చుట్టూ మట్టి గట్టిగా అదిమాను. ఆ రాత్రి నుంచి మూడురోజులు వర్షం. పదిరోజులకి పన్నెండులో పది పోయాయి.

బతికిన రెండూ ఎక్కడ ఉన్నాయో చూశాక గానీ నాకు విషయం తట్టలేదు. ఆ వరస చివర, కొబ్బరి డొక్కలు పోగుపెట్టే చోట ఉన్నాయవి. ఏళ్ల తరబడి డొక్కల్లోంచి రాలిన పొట్టు మట్టిలో కలిసి అక్కడి నేల నల్లగా, గుల్లగా ఉంది. వర్షం పడ్డ గంటకి అక్కడ నీరు ఇంకిపోతుంది. మిగతా వరసలో కాలు పెడితే బురద పాదానికి అంటుకుని వస్తుంది.

మా నేల గోదావరి తెచ్చిన ఒండ్రు, జిగట మట్టి. వరికి దానంత మంచి మట్టి లేదు. తడిస్తే ముద్ద, ఎండితే బీటలు. ఆ ముద్దలో రేణువుల మధ్య ఖాళీలు మరీ సన్ననివి, వర్షం పడితే అన్నీ నీటితో నిండిపోయి గాలికి చోటుండదు. వరి వేళ్లలో గాలి గొట్టాల్లాంటి దారులు ఉంటాయి, ఆకుల నుంచి వేరు దాకా గాలి అందుతుంది కాబట్టి బురదలో నిలబడుతుంది. పుదీనాకి అలాంటి ఏర్పాటు అంతగా లేదు.

మరి అదే వేరు గ్లాసు నీళ్లలో పదిహేడు రోజులు హాయిగా ఎలా బతికింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. జవాబు నేను రోజూ చేసిన పనిలోనే ఉంది. పొద్దున్నే మార్చిన కొత్త నీళ్లతో పాటు గాలి కూడా వేళ్లకి అందేది. బురదలో నీరు కదలదు. అందులో ఉన్న కాస్త గాలినీ మట్టిలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో వాడేస్తాయి. ఆ పైన నీళ్లలో పుట్టిన వేరు మట్టిలో పుట్టిన వేరు లాంటిది కాదు. సన్నగా, పెళుసుగా ఉంటుంది, మట్టి రేణువుల్ని పట్టుకుని నీరు లాగే నూగు దానికి సరిగా ఉండదు. మట్టిలోకి వెళ్లాక అది కొత్తగా తగిన వేళ్లు తెచ్చుకోవాలి. నేను నాలుగంగుళాలు పెరిగేదాకా ఆగడం వల్ల ఆ వేళ్లు నాటేటప్పుడే సగం విరిగాయి. మట్టి గట్టిగా అదమడం వల్ల ఇంకొన్ని నలిగాయి. అంటే నీళ్లలో వేరు రావడం కష్టమైన భాగం కాదు, మట్టిలోకి మారిన మొదటి పదిరోజులే కష్టమైన భాగం. ఊడ్పులయ్యాక వరి నారు నాలుగు రోజులు పసుపు తిరిగి, ఆ తర్వాత మూన తిరిగి పచ్చబడుతుంది కదా, ఆ పసుపు రోజులు పుదీనాకి కూడా ఉంటాయి. వరి ఓర్చుకున్నంతగా అది ఓర్చుకోలేదు.

కార్తీకం వచ్చి వానలు వెనకబట్టాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నేలలో కాదు. మా పక్కింటి అబ్బాయి రొయ్యల చెరువు పని చూస్తాడు, అతన్ని అడిగి ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చుకున్నాను. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. పుదీనా పక్కలకి పాకే మొక్క కనుక దానికి ఈ ఆకారమే కావాలి. ఉప్పు, నీచు పోయేదాకా రెండు మూడుసార్లు కడిగి, అడుగున వేలు పట్టేంత కన్నాలు పది చేశాను.

మట్టి దగ్గర ముందు ఒక తప్పు చేశాను. జిగట తగ్గుతుందని ఒండ్రుమట్టిలో నాలుగో వంతు ఇసుక కలిపి ఒక పాత బకెట్‌లో నింపి చూశాను. ఎండాక అది ఇటుకలా గట్టిపడింది, పుల్ల గుచ్చితే దిగలేదు. కొద్దిపాటి ఇసుక జిగట మట్టిని గుల్ల చేయదు. ఇసుక గింజల మధ్య ఖాళీలన్నీ మట్టి నింపేసి ఇంకా గట్టిపడుతుంది. మా నేలకి పనికొచ్చింది కొబ్బరి పొట్టే. మట్టి ఒక పాలు, పొట్టు ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అరపాలు, ఇసుక అరపాలు. పొట్టుని మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాను, ఎందుకంటే పొట్టులో ఉప్పు ఉంటుంది. మొదటి నీళ్లు టీ డికాషన్ రంగులో వచ్చాయి, మూడోసారికి లేతబడ్డాయి. మిశ్రమం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి, తడిపి గుప్పిట్లో బిగించి వదిలేదాన్ని. ముద్ద నిలిచి, వేలితో తాకగానే విడిపోతే సరిపోయినట్టు. ముద్ద ముద్దగానే ఉంటే ఇంకొంచెం పొట్టు.

ఈసారి ఇరవై నాలుగు కాడలు తీసుకుని సగం నీళ్లలో పెట్టాను, సగం నేరుగా పెట్టెలో ఒక పక్కన రెండు కణుపులు మునిగేలా గుచ్చాను. నేరుగా గుచ్చినవాటికి పై ఆకులు రెండే ఉంచాను. వేరు లేని కాడకి ఎక్కువ ఆకులుంటే అవి నీరు వదిలేస్తూ కాడని ఎండగడతాయి. పెట్టెని మామిడిచెట్టు నీడలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పకుండా రెండుపూటలా నీళ్లు చిలకరించాను. నీళ్లలో పెట్టినవాటిలో పది వేళ్లు వేశాయి. వాటిని ఈసారి వేళ్లు అంగుళం దాటకముందే, ఎనిమిదో రోజు సాయంత్రం, పెట్టె రెండో పక్కకి మార్చాను. పుల్లతో గుంట చేసి, కాడ దింపి, మట్టి వేలితో అదమకుండా నీళ్లు పోసి దానంతటదే సర్దుకోనిచ్చాను.

నెల తర్వాత లెక్క చూస్తే నీళ్ల పక్క పదిలో ఎనిమిది బతికాయి. నేరుగా గుచ్చిన పన్నెండులో తొమ్మిది బతికాయి. నేరుగా గుచ్చినవి మొదటి రెండువారాలు ఏమీ చేయనట్టే ఉన్నాయి. ఏది బతికిందో, ఏది చచ్చిందో తెలియదు, ఓపిక కావాలి. కానీ కొత్త ఆకు వేయడం మొదలుపెట్టాక ఒక్కటీ వెనక్కి తగ్గలేదు, వాటి వేళ్లు పుట్టిందే మట్టిలో కనుక. నన్నడిగితే పుదీనాకి నీళ్ల గ్లాసు అవసరం లేదు, ఇలాంటి గుల్ల మట్టి ఉంటే చాలు. మట్టి ఇంకా సిద్ధం కాకపోతేనో, వర్షాలు తగ్గేదాకా కాడల్ని బతికించుకోవాలంటేనో గ్లాసు పనికొస్తుంది. సంత కట్టలో ఒక్కోసారి తెల్లటి వేళ్లతో సహా పీకిన పాకుడు కాడలు దొరుకుతాయి. అవి కనబడితే ఇంక ఏ తతంగమూ వద్దు, అడ్డంగా పడుకోబెట్టి పైన వేలెడు మట్టి కప్పితే చాలు.

మార్చిన మొదటి వారంలో మధ్యాహ్నం ఆకులు వాలిపోతే నాకు కంగారుగా ఉండేది. రెండుమూడు రోజులు గమనించాక తెలిసింది, సాయంత్రానికి లేచి నిలబడితే పర్వాలేదు, వేళ్లు తక్కువగా ఉన్నందువల్ల ఆ వాలడం. పొద్దున్నే, ఎండ రాకముందే, మట్టి తడిగా ఉండగానే వాలి ఉంటే మాత్రం కింద వేరు కుళ్లుతోంది. అలాంటిదాన్ని చూసి ఇంకా నీళ్లు పోస్తే ఇంకా తొందరగా పోతుంది. అది వాడిపోవడం కాదు, ఊపిరాడకపోవడం. పదో రోజున కాడని రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగితే కాస్త పట్టు తగలాలి.

నీళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. మా బోరు నీళ్లు కొంచెం ఉప్పన, గిన్నెల్లో తెల్లటి పొర కడతాయి. సముద్రం వైపు ఊళ్లలో ఇంకా ఎక్కువ. కాలువ నీళ్లున్నన్నాళ్లు అవే తేర్చి పోశాను. మధ్యలో ఒక పదిహేను రోజులు బోరు నీళ్లే పోస్తే ఆకు అంచులు గోధుమరంగులో మాడినట్టయ్యాయి, కొత్త ఆకులు చిన్నవిగా వచ్చాయి. తెగులేమో అనుకున్నాను గానీ ఆకు అడుగున మచ్చలూ లేవు, పురుగూ లేదు. మళ్లీ కాలువ నీళ్లు పెట్టె అడుగు కన్నాల్లోంచి బయటికి కారేదాకా మూడుసార్లు పోశాక, కొత్తగా వచ్చిన ఆకులు బాగున్నాయి. మాడిన ఆకులు మాత్రం బాగుపడవు, తుంచేయాలి.

నిమ్మగడ్డికి రెండోసారి కాకినాడలో ఇంకో దుకాణం నుంచి ఐదు కాడలు తెచ్చాను. ఈసారి ప్యాకెట్ తిరగేసి అడుగులు చూసే కొన్నాను. మూడింటికి అడుగున గట్టిగా, గుండ్రంగా, కొద్దిగా గోధుమరంగులో ముద్ద ఉంది. దాని చుట్టూ చిన్న చిన్న చుక్కల వరస కూడా కనిపించింది. వేళ్లు రాబోయే చోట్లవి. మిగతా రెండింటి అడుగు ఉల్లిపాయ కోసినట్టు తెల్లటి గుండ్రాలుగా ఉంది, వాటిని టీలోకి వాడేశాను.

మూడు కాడల పై ఆకుల్ని జానెడు ఉంచి కోసేసి, పైన ఎండిన పొర ఒకటి రెండు ఒలిచి, అడుగు మాత్రమే మునిగేలా అంగుళంన్నర నీళ్లలో పెట్టాను. ఎక్కువ మునిగితే పొరల మధ్య నీరు నిలిచి కుళ్లుతుంది. తొమ్మిదో రోజున ఒకదానికి లావుపాటి తెల్లటి వేరు వచ్చింది, పుదీనా వేరులా సన్నంగా కాదు. పన్నెండో రోజుకి రెండోది. మూడోది పద్దెనిమిది రోజులు తీసుకుంది. అన్నీ రెండంగుళాలు అయ్యాక నాటాను. వీటి వేళ్లు గట్టివి, కాస్త పెరిగినా విరగవు.

నాటే చోటు విషయంలో పుదీనాకీ దీనికీ పొత్తు కుదరదు. పుదీనాకి తడి, మధ్యాహ్నం నీడ కావాలి. నిమ్మగడ్డికి రోజంతా ఎండ, నీరు జారిపోయే చోటు కావాలి. ఒకే కుండీలో రెండూ పెడితే ఏదో ఒకటి నష్టపోతుంది. పెరట్లో దక్షిణం వైపు, కొబ్బరిచెట్ల నీడ పడని చోట, నేల మీద ముప్పావు అడుగు ఎత్తు గట్టు పోయించి, అందులో పొట్టు, ఇసుక, ఎరువు కలిపి రెండేసి అడుగుల దూరంలో మూడూ నాటాను. ముద్ద మునిగి, పైన వేలెడు మట్టి ఉండేలా మాత్రమే నాటాను, లోతుగా దింపితే మొదలు మెత్తబడుతుంది. మూడు వారాలు ఏమీ కదల్లేదు. ఆ తర్వాత మొదటి కాడ పక్కన మట్టి పగుల్చుకుని ఒక పిలక వచ్చింది. అప్పుడు మామయ్యగారు చేతికర్రతో దాన్ని చూపించి, "ఇదిగో, ఇదీ దుంప చేసే పని" అన్నారు.

ఉగాదికి ఒక్కో దుబ్బులో ఏడెనిమిది పిలకలయ్యాయి. అప్పటిదాకా ఒక్క ఆకు కోయలేదు. ఆ తర్వాత నేల నుంచి జానెడు వదిలి పక్కనున్న ముదురు ఆకులే కోస్తున్నాను. ఆకు అంచు బ్లేడులా ఉంటుంది, పిల్లల్ని కోయనివ్వను.

వేసవిలో కాలువలు కట్టేశాక పుదీనాకి కష్టమొచ్చింది. పెట్టెని బావి పక్కకి, పొద్దుటి ఎండ రెండు గంటలు మాత్రమే పడే చోటికి జరిపాను. ఆకులు చిన్నవై, అడుగున సన్నటి బూజులాంటి గూడు, పైన సూదిపోట్లంత పసుపు చుక్కలు కనిపించాయి. నల్లి అది, పొడి వేడికి వస్తుంది. కాడలన్నీ రెండంగుళాలు ఉంచి కత్తిరించేసి, ఆ కోసినవి పెరట్లో వేయకుండా దూరంగా పాతిపెట్టి, రోజూ ఆకు అడుగులు తడిసేలా నీళ్లు చల్లాను. మూడు వారాల్లో మళ్లీ చిగురు వేసింది.

కాలువలకి నీళ్లు వదిలాక పెద్ద నిమ్మగడ్డి దుబ్బుని గునపంతో పైకి తీశాను. పదిహేను పిలకలున్నాయి. ప్రతి పిలకకీ కొంత ముద్ద, నాలుగు వేళ్లయినా ఉండేలా చేత్తో విడదీసి, ఆకులు జానెడుకి కోసి, ఐదు గట్టు మీద నాటి, మిగతావి చుట్టుపక్కల నాలుగిళ్లకి ఇచ్చాను. వీటికి నీళ్ల గ్లాసు అక్కర్లేకపోయింది. ఎవరికి ఇచ్చినా కాడ తిరగేసి అడుగున ఆ ముద్ద చూపించి ఇచ్చాను.